బయోషాక్: క్లైమాక్స్ ముందే అయిపోయిన ఆట

బయోషాక్ అనే షూటర్ వీడియో గేమ్ ముగింపు తేలిపోయిందని 2007 నుంచీ అందరూ అంటూనే ఉన్నారు. ఆఖరి బాస్ ఫైట్ బాగా రాలేదని ఆట దర్శకుడు కెన్ లెవీన్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు. అందుకే నింద అంతా ఆ బాస్ మీదికే పోతుంది. నా ఉద్దేశంలో ఆ ఫైట్ తీసేసి ఇంకా మంచి ఫైట్ పెట్టినా పెద్దగా ఒరిగేదేం లేదు. తేడా వచ్చింది అంతకు కొన్ని గంటల ముందు, ఆటలోని నగరాన్ని కట్టిన ఆండ్రూ ర్యాన్ గదిలోంచి బయటికి వచ్చాక. అది ఎలాగో చెప్పాలంటే కథంతా విప్పక తప్పదు కాబట్టి ఇంకా ఆడనివాళ్ళు ఇక్కడితో ఆపేయండి.

ముందు థీమ్. 1960లో అట్లాంటిక్ మధ్యలో విమానం కూలుతుంది. అందులో ఉన్న జాక్, అంటే మనం ఆడే పాత్ర, ఈదుకుంటూ ఒక లైట్‌హౌస్ చేరతాడు. లోపల ర్యాన్ విగ్రహం, దాని కింద ఎర్రటి బ్యానర్: దేవుళ్ళూ లేరు, రాజులూ లేరు, మనిషి ఒక్కడే. ర్యాన్ సముద్రం అడుగున కట్టిన రాప్చర్ నగరం నడిచేదే ఆ మాట మీద. ఎవరి బతుకు వాళ్ళది, ఎవరి ఎంపిక వాళ్ళది. ఆట వేసే ప్రశ్న ఒక్కటే: నువ్వు చేస్తున్నది నీ ఎంపికేనా, లేక ఎవరో చెప్తే చేస్తున్నావా? ఇది జాక్‌కి ఎంత వర్తిస్తుందో, కంట్రోలర్ పట్టుకున్నవాడికీ అంతే వర్తిస్తుంది. ఆ రెండో సగమే బయోషాక్‌ని మిగతా షూటర్ల నుంచి వేరు చేసింది.

ఇక సెటప్. దీంట్లో పనితనం చూడండి. రేడియోలో అట్లాస్ అనే మంచిమనిషి గొంతు వినిపిస్తుంది. భార్యాబిడ్డలు చిక్కుకుపోయారు, సాయం చెయ్యమంటాడు. ప్రతి పనికీ మర్యాదగా ఒక మాట చేరుస్తాడు: వుడ్ యు కైండ్లీ. రేడియో తీసుకోమన్నప్పుడు అదే, ఏదైనా ఇనుప కడ్డీ లాంటిది వెతుక్కోమన్నప్పుడు అదే, ర్యాన్ ఆఫీసుకెళ్ళి వాణ్ణి చంపమన్నప్పుడూ అదే. అది ఐరిష్ యాస మర్యాద అనుకుని వదిలేస్తాం. మనకి అనుమానం రాకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. షూటర్ ఆటలన్నీ ఇలాగే నడుస్తాయి: ఎవరో ఒకరు రేడియోలో చెప్తారు, తెర పైభాగంలో బాణం దారి చూపిస్తుంది, మనం పోతాం. ఆధారాన్ని ఆటల అలవాటులోనే దాచిపెట్టారు.

దాన్ని బయటపెట్టే ముక్కలు కూడా న్యాయంగానే చల్లారు. విమానంలో జాక్ చేతిలో ఉన్న బహుమతి చీటీ మీద ఆ మాటే ఉంటుంది. ర్యాన్‌కి, అతని కుటుంబానికి తప్ప ఎవరికీ పనిచెయ్యకూడని బాతిస్ఫియర్లనే నీటిలోపలి వాహనాలు జాక్‌కి ఎందుకు కదులుతున్నాయి? శాస్త్రవేత్త డాక్టర్ సుచాంగ్ ఆడియో డైరీ ఒకదాంట్లో, ఒక పిల్లాడితో తను ముద్దుచేసే కుక్కపిల్ల మెడ విరిపిస్తాడు. పిల్లాడు ముందు ఏడుస్తూ ఒప్పుకోడు. ఆ మాట చేర్చగానే పని అయిపోతుంది. వరసగా విన్నవాడికి ర్యాన్ గది చేరేలోపే అంతా అర్థమైపోవచ్చు. విననివాడికి గది ముందు గోడ మీద ఎర్ర అక్షరాలతో అదే మాట రాసి ఉంటుంది.

పేఆఫ్ సంగతి చాలామందికి తెలుసు. ర్యాన్ ప్రశాంతంగా గోల్ఫ్ ఆడుకుంటూ ఉంటాడు. కూర్చోమంటాడు, లెమ్మంటాడు, పరిగెత్తమంటాడు, ఆగమంటాడు. జాక్ అన్నీ చేస్తాడు. మనిషి ఎంచుకుంటాడు, బానిస పాటిస్తాడు అంటూ గోల్ఫ్ కర్ర చేతికిచ్చి తన్ను చంపమని ఆజ్ఞాపిస్తాడు. అంతసేపూ కంట్రోలర్ మీటలు పనిచెయ్యవు. మామూలుగా ఆటలో మన చేతుల్లోంచి కంట్రోల్ లాగేసుకుంటే విసుగొస్తుంది. ఇక్కడ ఆ విసుగే సన్నివేశానికి అర్థం.

దీని తర్వాత వచ్చే చిన్న ఘట్టాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు కానీ నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. ర్యాన్ చచ్చాడు, నగరం పేలిపోయేలా సెల్ఫ్ డిస్ట్రక్ట్ మొదలైంది. అట్లాస్ మళ్ళీ అదే మాట వాడి, ర్యాన్ కీని యంత్రంలో పెట్టమంటాడు. ఇప్పుడు కంట్రోల్ మన చేతికి తిరిగొచ్చింది. ఆ మాట వెనకున్న మోసం కూడా తెలిసిపోయింది. అయినా వేరే దారి లేదు. కీ మనమే పెడతాం, మన వేలితోనే. పెట్టగానే అట్లాస్ నవ్వుతూ తను ర్యాన్ పాత శత్రువు ఫ్రాంక్ ఫాంటేన్‌నని చెప్పుకుంటాడు. ఆట ఇక్కడితో అయిపోయి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే లేదు.

అయిపోలేదు. టెనెన్‌బామ్ అనే శాస్త్రవేత్త జాక్‌ని కాపాడి, ఆ మాటకున్న పట్టు వదిలిస్తుంది. ఇక జాక్ స్వతంత్రుడని కథ అంటుంది. ఆట మాత్రం ఏం చేస్తుంది? రేడియోలో అట్లాస్ బదులు టెనెన్‌బామ్ గొంతు. పైన అదే బాణం. ఫలానా చోటికి పో, ఫలానాది తీసుకురా. అంత పకడ్బందీగా మనల్ని నిలదీసిన ఆట, మర్నాటి నుంచీ ఏమీ జరగనట్టే మళ్ళీ పనులు పురమాయిస్తుంది. గేమ్ డిజైనర్ క్లింట్ హాకింగ్ 2007లోనే ఈ ఆట మీద పెట్టిన ప్రఖ్యాత ఆక్షేపణ, చెప్పేదానికీ ఆడించేదానికీ పొత్తు లేదన్నది. మొదటి రెండు వంతుల గురించైతే నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను, ఎందుకంటే అక్కడి బలవంతానికి ర్యాన్ గదిలో లెక్క అప్పజెప్పారు. మూడో వంతుకే ఆ లెక్క లేదు.

ఈ భాగంలో ఒక్క ఆలోచన మాత్రం దారిలో పడింది. ఫాంటేన్ పట్టు పూర్తిగా వదలాలంటే లాట్ 192 అనే మందు రెండు డోసులు కావాలి. మొదటి డోసు తర్వాత మన ప్లాస్మిడ్లు, అంటే ఒంట్లోకి ఎక్కించుకున్న శక్తులు, మన మాట వినవు. కాసేపు మంట, కాసేపు మంచు, ఏది చేతికొస్తుందో తెలీదు. ఇన్నాళ్ళూ ఇతరుల మాట విన్న ఒళ్ళు ఇప్పుడు సొంతదారు మాట కూడా వినదన్నమాట. థీమ్‌ని డైలాగ్‌తో కాకుండా చేతికి తెలిసేలా చెప్పడం అంటే ఇదే. రెండో డోసు దొరకగానే అంతా మామూలైపోతుంది. దీన్ని ఇంకాస్త సాగదీసి ఉంటే, నయమయ్యాక బాణాన్ని తీసేసి ఉంటే, దారి మనమే వెతుక్కునేలా రెండు స్థాయిలు కట్టి ఉంటే, స్వేచ్ఛ అన్నమాట ఆటలో కనిపించేది. అది బాస్‌ని మార్చడం కంటే పెద్ద మార్పు, ఖర్చు మాత్రం తక్కువ.

ఇప్పుడు ముగింపు వీడియోల దగ్గరికొద్దాం. అవి ఈ థీమ్‌కి జవాబు చెప్పవు, ఒంట్లో ఆడమ్ మోసే పసిపిల్లలైన లిటిల్ సిస్టర్ల లెక్క తేలుస్తాయి. ఆ ఆడమ్‌తోనే మనం కొత్త శక్తులు కొనుక్కుంటాం. ఒక్కో పిల్లని చంపితే 160 ఆడమ్, కాపాడితే 80. కాగితం మీద ఇది గట్టి ప్రలోభం. అయితే ప్రతి ముగ్గురిని కాపాడినందుకు టెనెన్‌బామ్ 200 ఆడమ్‌తో బహుమతి పెడుతుంది, టానిక్కులూ అవీ అదనం. ముగ్గురిని చంపితే 480, కాపాడితే 440. నలభై ఆడమ్ కోసం పసిపిల్లని చంపాలా అన్నది ధర్మసంకటం కాదు, చిల్లర బేరం. మంచితనానికి ధర ఉండాలి. ఆ ధరని ఆట తనే వెనక్కిచ్చేసింది. అందుకే ఆఖర్లో స్వార్థం, త్యాగం అంటూ టెనెన్‌బామ్ పెద్ద గొంతుతో మాట్లాడితే, మనం ఏం త్యాగం చేశామో గుర్తురాదు.

తీర్పు కూడా మొరటుగా ఉంటుంది. ఒక్కరిని మించి చంపితే చాలు, చెడు ముగింపే. కొందరిని చంపినవాడికీ అందరినీ చంపినవాడికీ ఒకే దృశ్యాలు, టెనెన్‌బామ్ గొంతులో మాత్రం ఒకచోట బాధ, ఇంకోచోట కోపం. ఆ దృశ్యాల్లో ఆడమ్ వాడి పిచ్చెక్కిన స్ప్లైసర్లు సముద్రం మీదికొచ్చి అణు జలాంతర్గామిని పట్టుకుంటారు. పై ప్రపంచాన్ని జయించాలని జాక్ ఎప్పుడనుకున్నాడు? అణ్వాయుధాల ఊసు అంతకుముందు ఎక్కడుంది? సెటప్ లేని పేఆఫ్‌కి ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ దొరకడం కష్టం.

మంచి ముగింపు సంగతి వేరు. దాన్ని తీసిపారేసేవాళ్ళు ఒక సంగతి గమనించినట్టు లేదు. ఆట పొడుగునా జాక్‌లో మనకి కనిపించేది చేతులే. మొదటి షాట్‌లో సిగరెట్ పట్టుకున్న చెయ్యి. తర్వాత మణికట్టు మీద గొలుసు పచ్చబొట్టు, సూది గుచ్చుకునే చెయ్యి, రెంచీ ఎత్తే చెయ్యి. మంచి ముగింపులో పిల్లలు నగరపు తాళంచెవి అందిస్తారు, ఆ చెయ్యి తీసుకోదు. చివరికి ఆసుపత్రి మంచం మీద ముసలి చెయ్యి, దాన్ని పట్టుకుని పెరిగి పెద్దవాళ్ళైన ఆ ఆడపిల్లల చేతులు. రెండు నిమిషాలైనా లేని వీడియోలో ఇది అరుదైన పొదుపు. దీనికి సెటప్ కూడా ఉంది, కాకపోతే అది ఇంకో దారం: తల్లిదండ్రులు. జాక్ పిండంగా ఉన్నప్పుడే అమ్ముడుపోయినవాడు, తండ్రి అయిన ర్యాన్‌ని తెలియక చంపినవాడు, వాడి జ్ఞాపకాల్లోని అమ్మానాన్నలు కల్పితం. అలాంటివాడు ఎవరికో తండ్రి కావడం నిజంగా పేఆఫే.

ఆ దారాన్ని చివరి స్థాయిలే పలచన చేశాయి. పాయింట్ ప్రొమీతియస్‌లో జాక్ లిటిల్ సిస్టర్లకి కాపలా కాసే బిగ్ డాడీ సూటు తొడుక్కుంటాడు, ప్రూవింగ్ గ్రౌండ్స్‌లో ఒక పాపని వెంటబెట్టుకుని కాపాడాలి. తండ్రి కావడాన్ని ఆటగా ఆడించడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. కానీ పాప చచ్చిపోతే గోడలోని బొరియ దగ్గరికెళ్ళి తడితే ఇంకో పాప వస్తుంది. కాపలా కాస్తున్నది బిడ్డనా, టార్చిలైట్ బ్యాటరీనా? వెంటనే ఫాంటేన్ కంచువిగ్రహంలా ఉబ్బిపోయి నిప్పు, మంచు, కరెంటు వరసగా విసురుతాడు. వాడి ఆయుధం ఆది నుంచీ గొంతు. మోసగాడికి కండలు అతికిస్తే మిగిలేది ఏ ఆటలోనైనా దొరికే లావుపాటి శత్రువే. వాడు ఆఖరిసారి ఆ మాట ప్రయోగించి చూడడం, జాక్ కదలకపోవడం, ఆ కదలకపోవడాన్ని మన మీటల చేతే చేయించడం లాంటిది ఒక్కటి చాలేది.

2010లో 2కె మారిన్ చేసిన బయోషాక్ 2 ఈ పాఠం నేర్చుకుంది. అక్కడ ఆడేవాడు సబ్జెక్ట్ డెల్టా, బిగ్ డాడీ. కూతురు ఎలనోర్ దూరం నుంచి తండ్రిని గమనిస్తూ ఉంటుంది. లిటిల్ సిస్టర్లని ఏం చేశావన్నదే కాదు, గ్రేస్ హాలోవే, స్టాన్లీ పూల్, గిల్ అలెగ్జాండర్లని చంపావా వదిలేశావా అన్నదీ లెక్కలోకొస్తుంది. ముగింపులో మన మీద తీర్పు వినిపించరు. మనల్ని చూసి పిల్ల ఏం నేర్చుకుందో, ఆ ఆటలో శత్రువైన తన తల్లిని ఏం చేస్తుందో చూపిస్తారు. ఎంపిక మనదే, కానీ దాని ఫలితం ఇంకొకరి చేతుల్లో ఉంటుంది. ర్యాన్ గదికి సాటివచ్చే సన్నివేశం రెండో ఆటలో ఒక్కటీ లేదు. అయినా పూర్తయ్యాక కూతురు గుర్తుంటుంది. మొదటి ఆటలో కాపాడిన పిల్లల్లో ఒక్కరి పేరైనా చెప్పలేం.