బిమ్ అమలు ప్రణాళిక: 140 పడకల ఆసుపత్రి భవనం

పత్రం సంఖ్య: `HSB-LDC-XX-XX-PL-Z-0001`
రివిజన్: `C01`
రాసినవారు: లీడ్ కన్సల్టెంట్ తరఫు బిమ్ మేనేజర్
వర్తించేది: డిజైన్ బృందాలు, ప్రధాన కాంట్రాక్టర్, సబ్ కాంట్రాక్టర్లు, యజమాని నిర్వహణ విభాగం

1. ఈ ప్రణాళిక దేనికోసం

ఒక బేస్‌మెంట్, గ్రౌండ్, పైన 5 అంతస్తులు, మొత్తం 18,600 చదరపు మీటర్ల కట్టుబడి. రెండో అంతస్తులో 6 ఆపరేషన్ థియేటర్లు. మోడల్‌ని మూడు పనులకు వాడుతున్నాం: డిజైన్ సమన్వయం, షాప్ డ్రాయింగులు, భవనం అప్పగించాక నిర్వహణ. పరిమాణాల లెక్కకు మోడల్‌ని ఆధారంగా తీసుకోవచ్చు కానీ బిల్లు చెల్లింపుకు అది ప్రమాణం కాదు. 4డీ షెడ్యూలింగ్ ఈ ఒప్పందంలో లేదు.

ఐఎస్ఓ 19650-2 చెప్పే పద్ధతిని అనుసరిస్తున్నాం. టెండరు సమయంలో ఇచ్చిన ప్రతికి బదులు ఇకనుంచి ఇదే చెల్లుతుంది. రెండింటికీ తేడా వస్తే ఈ ప్రతిదే మాట. యజమాని ఇచ్చిన సమాచార అవసరాల పత్రంతో తేడా వస్తే మాత్రం యజమాని పత్రానిదే పైచేయి.

2. ఎవరు దేనికి జవాబుదారీ

ప్రతి పనికీ జవాబుదారీ ఒక్కరే. ఇద్దరి పేర్లు రాస్తే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది. ఉద్యోగుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ రాయలేదు. మనుషులు మారినప్పుడల్లా ప్రణాళిక మార్చే అవసరం రాకుండా వాటిని ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే ఉమ్మడి వేదిక అయిన సీడీఈ డైరెక్టరీలో ఉంచాం.

యజమాని తరఫు సమాచార మేనేజర్ ఫైళ్లను అంగీకరిస్తారు లేదా తిప్పి పంపుతారు. డిజైన్ మార్పు సూచించే అధికారం ఆయనకు లేదు. లీడ్ కన్సల్టెంట్ బిమ్ మేనేజర్ ఈ ప్రణాళికను నిర్వహిస్తారు, అన్ని విభాగాల మోడళ్లను కలిపి ఫెడరేటెడ్ మోడల్ తయారుచేస్తారు, క్లాష్ సమావేశం నడుపుతారు.

ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, హెచ్‌వీఏసీ, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ విభాగాలకు ఒక్కో బిమ్ కోఆర్డినేటర్ ఉంటారు. ఫైర్, మెడికల్ గ్యాస్ కూడా ప్లంబింగ్ కోఆర్డినేటర్ కిందకే వస్తాయి. షేర్ చేసే ముందు తన మోడల్‌ని తానే తనిఖీ చేయడం కోఆర్డినేటర్ బాధ్యత. సొంత విభాగంలో క్లాష్‌లు ఉన్న మోడల్‌ని బిమ్ మేనేజర్ వెనక్కి పంపుతారు.

క్లాష్ సమావేశానికి కోఆర్డినేటర్ ఒక్కరే వస్తే సరిపోదు. డక్ట్ ఎత్తు తగ్గించవచ్చా, బీమ్‌లో స్లీవ్ పెట్టవచ్చా అని అక్కడికక్కడే తేల్చగల డిజైన్ ఇంజనీరు కూడా ఉండాలి. నిర్ణయించే అధికారం లేనివాళ్లే కూర్చుంటే ఒకే క్లాష్ మూడు వారాలు తిరుగుతుంది.

యజమాని నిర్వహణ విభాగాధిపతి డిజైన్ దశ నుంచే ఫెడరేటెడ్ మోడల్ చూస్తారు. వాల్వులు, డాంపర్లు, ప్యానెళ్లు చేతికి అందుతాయా అన్న విషయంలో ఆయన మాటే చివరిది.

3. ఫైలు పేర్లు, స్థితి, రివిజన్

ప్రతి ఫైలు పేరులో ఏడు భాగాలు, మధ్యలో హైఫన్. ఖాళీలు, తేదీలు, మనుషుల పొడి అక్షరాలు పేరులో ఉండకూడదు.

```
ప్రాజెక్టు-సంస్థ-బ్లాక్-అంతస్తు-రకం-విభాగం-సంఖ్య
HSB-MEC-TW-02-M3-M-0001
HSB-STR-ZZ-ZZ-M3-S-0001
HSB-LDC-ZZ-02-CR-Z-0014
```

మొదటిది టవర్ బ్లాక్ రెండో అంతస్తు హెచ్‌వీఏసీ మోడల్. రెండోది అన్ని బ్లాకులకూ, అన్ని అంతస్తులకూ కలిపిన స్ట్రక్చర్ మోడల్. మూడోది రెండో అంతస్తు 14వ క్లాష్ నివేదిక. బేస్‌మెంట్‌కు `B1`, గ్రౌండ్‌కు `00`, పైకప్పుకు `RF`, ఒకటికి మించి అంతస్తులుంటే `ZZ`, అంతస్తుతో సంబంధం లేకపోతే `XX`. రకాల్లో `M3` త్రీడీ మోడల్, `DR` డ్రాయింగ్, `SH` షెడ్యూల్, `CR` క్లాష్ నివేదిక, `PL` ప్రణాళిక.

రివిజన్, స్థితి పేరులో కాకుండా సీడీఈ మెటాడేటాలో ఉంటాయి. పనిలో ఉన్న ఫైలు `P01.03` లాగా నడుస్తుంది. షేర్ చేయగానే `P01` అవుతుంది. ఆమోదించి విడుదల చేసినది `C01`. స్థితి కోడ్‌లు: పనిలో ఉన్నది `S0`, సమన్వయానికి `S1`, సమాచారానికి `S2`, సమీక్షకు `S3`.

`S1` మోడల్ సమన్వయం కోసమే ఇచ్చింది. దాన్ని చూసి ఎవరూ మెటీరియల్ ఆర్డర్ చేయకూడదు. ఈ నియమం విషయంలో నేను కఠినంగా ఉండటానికి కారణం ఉంది. నేను పనిచేసిన వెనకటి ప్రాజెక్టు ఒకదానిలో ‘ఫైనల్’ అని ఒకటి, ‘ఫైనల్ కొత్తది’ అని ఇంకొకటి, రెండు డక్ట్ మోడళ్లు ఈమెయిల్లో తిరిగాయి. వర్క్‌షాపు పాతదాన్ని చూసి షీట్ కోసింది. సైటుకు వచ్చిన డక్టులు బీమ్ కింద పట్టలేదు. మోడల్‌లో ఆ తప్పు అప్పటికే సరిదిద్ది ఉంది. అది కోసేవాళ్లకు చేరలేదు, అంతే. అందుకే ఈమెయిల్, మెసేజింగ్ యాప్, పెన్‌డ్రైవ్ ద్వారా వచ్చిన మోడల్‌కు ఈ ప్రాజెక్టులో విలువ లేదు. సీడీఈలో లేని ఫైలు లేనట్టే.

4. మోడల్ కట్టే పద్ధతి

యూనిట్లు మిల్లీమీటర్లు. గ్రిడ్ `A` గ్రిడ్ `1` కలిసే చోటు, గ్రౌండ్ పూర్తయిన ఫ్లోర్ ఎత్తు కలిపి ప్రాజెక్టు మూలబిందువు. షేర్డ్ కోఆర్డినేట్లు సర్వే ఫైలు నుంచి ఆర్కిటెక్చర్ మోడల్ తీసుకుంటుంది, మిగతా విభాగాలు ఆర్కిటెక్చర్ మోడల్ నుంచి తీసుకుంటాయి. రెండో వారంలో ప్రతి విభాగం గ్రిడ్లు, లెవెల్స్, మూలబిందువు దగ్గర ఒక చిన్న ఘనం మాత్రమే ఉన్న పరీక్షా ఫైలు పంపాలి. అన్ని ఘనాలూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చున్నాకే అసలు మోడలింగ్ మొదలు.

ఒక్కో ఫైలు 250 ఎంబీ దాటకూడదు. మార్పిడి రూపం ఐఎఫ్‌సీ 4 రిఫరెన్స్ వ్యూ, దానితోపాటు నేటివ్ ఫైలు. షాప్ డ్రాయింగ్ దశకు ప్రధాన సర్వీసులన్నీ ఎల్ఓడీ 350కి చేరాలి, అంటే హ్యాంగర్లు, సపోర్టులు, ఇన్సులేషన్ మందం కూడా మోడల్‌లో ఉండాలి. 20 ఎంఎం లోపు ఎలక్ట్రికల్ కండ్యూట్ గీయనక్కరలేదు.

5. క్లాష్ డిటెక్షన్

డిజైన్ దశలో రెండు వారాలకోసారి, షాప్ డ్రాయింగ్ దశలో వారం వారం. వారపు చక్రం ఇలా నడుస్తుంది: సోమవారం సాయంత్రం 6 గంటలకు కోఆర్డినేటర్లు `S1` మోడళ్లు పెడతారు. మంగళవారం ఫెడరేషన్, పరీక్షలు. బుధవారం మధ్యాహ్నానికి గ్రూపులు చేసిన క్లాష్‌లు బీసీఎఫ్ రూపంలో బాధ్యులకు అందుతాయి. గురువారం ఉదయం 90 నిమిషాల సమావేశం. మళ్లీ సోమవారానికి దిద్దిన మోడల్. గడువు దాటి వచ్చిన మోడల్ కోసం ఫెడరేషన్ ఆగదు. ఆ విభాగానిది పాత మోడలే వాడతాం, నివేదికలో ఆ సంగతి రాస్తాం.

పరీక్షల వరుస కూడా ముఖ్యమే. ముందు డూప్లికేట్లు, తర్వాత స్ట్రక్చర్‌తో సర్వీసులు, తర్వాత సర్వీసుల మధ్య, చివరికి సీలింగ్‌తో. స్ట్రక్చర్ మీద హార్డ్ క్లాష్ టాలరెన్స్ 10 ఎంఎం, సర్వీసుల మధ్య 5 ఎంఎం. క్లియరెన్స్ పరీక్షలో ఎలక్ట్రికల్ ప్యానెల్ ముందు 1,000 ఎంఎం, వాల్వు, డాంపర్ తెరిచే వైపు 600 ఎంఎం. ఈ క్లియరెన్సులను మోడల్‌లో విడి ఘనాలుగా గీయాలి, గీయకపోతే పరీక్షలో అవి తప్పిపోవచ్చు.

స్లీవ్ వేసి ఉన్న చోట గోడను దాటే పైపు క్లాష్ కాదు. స్లీవ్ లేని చోట దాటితే క్లాష్. బీమ్‌కు రంధ్రం కావాలంటే స్ట్రక్చరల్ ఇంజనీరు ఆమోదం ముందు, మోడలింగ్ తర్వాత.

క్లాష్‌ల సంఖ్యను పురోగతికి కొలమానంగా నివేదికలో చూపించం. ఒక డక్ట్ 40 ఎంఎం దించితే 200 క్లాష్‌లు ఒక్కసారిగా పోవచ్చు, అది ఒక్క నిర్ణయమే. కాబట్టి లెక్కపెట్టేది గ్రూపులను, అంటే తీసుకోవలసిన నిర్ణయాలను. ఒకటో తరగతి: స్ట్రక్చర్, షాఫ్టులు, ఆపరేషన్ థియేటర్ సర్వీసులను తాకేవి. రెండో తరగతి: రూటు మార్చాల్సినవి. మూడో తరగతి: సైటులో సర్దుబాటు చేసుకోగలిగేవి.

ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి? వాలు మీద పోయే డ్రెయిన్ పైపుది మొదటి స్థానం, ఎందుకంటే నీరు మన మాట వినదు. తర్వాత పెద్ద డక్టులు, తర్వాత మెడికల్ గ్యాస్, ఫైర్ మెయిన్లు, చివరికి కేబుల్ ట్రేలు, చిన్న పైపులు.

అన్నిటికంటే ఇరుకు రెండో అంతస్తు థియేటర్ కారిడార్. స్లాబ్ నుంచి స్లాబ్‌కు 4,500 ఎంఎం. అందులో బీమ్ లోతు 650, సీలింగ్ ఎత్తు 3,000 పోగా మిగిలేది 850. సీలింగ్ ఫ్రేముకు 100. సరఫరా డక్ట్ ఎత్తు 400, పైనా కిందా 50 ఎంఎం ఇన్సులేషన్ కలిపి 500. ఇక 250 మిగిలింది. 110 ఎంఎం డ్రెయిన్ పైపు 1:100 వాలుతో 12 మీటర్లు పోతే 120 దిగుతుంది, మొత్తం 230. చేతిలో మిగిలేది 20 ఎంఎం. ఇందులో కేబుల్ ట్రే పట్టదు. అందుకే ఈ కారిడార్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టే పద్ధతి వదిలి, ట్రేలను, మెడికల్ గ్యాస్‌ను డక్ట్ పక్కన, ఎదురు గోడ వైపు నడుపుతున్నాం. ఈ సెక్షన్‌ను మొదటి చక్రంలోనే తేల్చాలి. ఇది తేలకుండా మిగతా రెండో అంతస్తు మీద సమయం పెట్టడం వృథా.

నేవిస్‌వర్క్స్‌లో `Approved` అన్న గుర్తు గురించి ఒక హెచ్చరిక. దాని అర్థం ‘ఈ క్లాష్ ఉన్నా పర్వాలేదు’ అని. దిద్దేశాం అనే అర్థంలో చాలామంది దాన్ని నొక్కుతారు, దాంతో నిజమైన క్లాష్ జాబితాలోంచి కనుమరుగవుతుంది. ఆ గుర్తు పెట్టే అధికారం బిమ్ మేనేజర్‌కు మాత్రమే, కారణం రాయడం తప్పనిసరి. దిద్దిన క్లాష్‌ను చేత్తో మూయకూడదు. తర్వాతి పరీక్షలో అది తనంతట తానే `Resolved` కావాలి.

ఒక అంతస్తు షాప్ డ్రాయింగులు విడుదల కావాలంటే ఒకటో తరగతి క్లాష్‌లు సున్నా, రెండో తరగతివి అన్నీ బాధ్యుడు, గడువు తేదీతో ఉండాలి. ఈ షరతుకు సడలింపు ఇచ్చే అధికారం యజమాని సమాచార మేనేజర్‌కు కూడా లేదు. సైటు ఒత్తిడి ఎంత ఉన్నా అంతే.

6. హ్యాండోవర్

అప్పగించేవి: యాజ్ బిల్ట్ నేటివ్ మోడళ్లు, ఐఎఫ్‌సీ ఫైళ్లు, గదుల, పరికరాల వివరాలుండే కోబీ స్ప్రెడ్‌షీట్, పరికరాల మాన్యువళ్లు, వారంటీ, కమిషనింగ్ పత్రాలు.

యాజ్ బిల్ట్ అంటే డిజైన్ మోడల్‌కు పేరు మార్చడం కాదు. సీలింగ్ మూసేముందు ప్రతి జోన్‌ను కాంట్రాక్టర్ లేజర్ స్కాన్ చేయాలి. మోడల్‌కీ స్కాన్‌కీ 25 ఎంఎం మించి తేడా ఉంటే మోడల్ దిద్దాలి. స్కాన్ అంగీకారం లేకుండా సీలింగ్ మూయడానికి సైట్ ఇంజనీరు అనుమతి ఇవ్వకూడదు. మూసిన సీలింగ్ మళ్లీ విప్పి స్కాన్ చేసే ఖర్చు కాంట్రాక్టర్‌దే.

కోబీలో ప్రతి గదికీ, ప్రతి పరికరానికీ ఒకే విశిష్ట పేరు. గది సంఖ్య తలుపు మీది బోర్డుతో సరిపోవాలి, డిజైన్ సంఖ్యతో కాదు. పరికరానికి తయారీదారు, మోడల్ సంఖ్య, సీరియల్ సంఖ్య, బిగించిన తేదీ, వారంటీ మొదలయ్యే తేదీ, ఏ సిస్టమ్‌కు చెందినది, ఏ గదికి సేవ చేస్తుంది అన్నవి తప్పనిసరి. చివరిది చాలాచోట్ల ఖాళీగా వస్తుంది. థియేటర్లో గాలి ఆగినప్పుడు టెక్నీషియన్ ముందు వెతికేది దాన్నే. ఆ వివరం లేని ఏహెచ్‌యూ, వీఏవీ బాక్సు, ఐసోలేషన్ వాల్వు వరుసను అంగీకరించం.

చివరి నెలలో అంతా కలిపి నింపే పద్ధతి వద్దు. మొదటి సమాచార విడత డిజైన్ ముగింపులో, గదులు, పరికర రకాలతో. రెండోది సగం బిగింపు అయ్యాక, ఒక అంతస్తు పూర్తి నమూనాగా. మూడోది కమిషనింగ్‌తోపాటు. రెండో, మూడో విడతల్లో నిర్వహణ విభాగం 50 పరికరాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని సైటులో ట్యాగుతో పోల్చి చూస్తుంది. రెండుకు మించి తప్పులొస్తే విడత మొత్తం తిరిగి వెళ్తుంది.

మూడో విడత అంగీకరించాక నిర్వహణ సిబ్బందికి రెండు రోజుల శిక్షణ. మొదటి రోజు మోడల్‌లో పరికరాన్ని వెతకడం, దాని పత్రాలు తెరవడం. రెండో రోజు ఫెడరేటెడ్ మోడల్ తీసుకుని రెండో అంతస్తు కారిడార్‌లోకి వెళ్లి, ఒక్కొక్కరు ఒక్కో వాల్వును వెతికి, సీలింగ్ ప్యానెల్ విప్పి చేత్తో ముట్టుకోవాలి. చేతికి అందని వాల్వు ఒక్కటి ఉన్నా అది లోపాల జాబితాలో చేరుతుంది, సరిచేయాల్సిన బాధ్యత కాంట్రాక్టర్‌ది.