తొమ్మిది అరమార్కులు

ఆఖరి పేపర్ దిద్ది ఎర్ర పెన్నుకు మూత పెట్టేసరికి రాత్రి పదకొండు దాటింది. లలిత ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు. వ్యాసాలు దిద్దడం ఇదే మొదటిసారి. ‘నేను భయపడిన రోజు’ అన్న అంశం తనే ఇచ్చింది. 24 మంది రాశారు.

మార్కులన్నీ ఒక కాగితం మీద వరసగా వేసుకుని చూస్తే గుండె జారిపోయింది. 20కి 14 దాటినవాళ్ళు ఒక్కరూ లేరు. తొమ్మిది మందికి 10 కూడా రాలేదు. ఆ తొమ్మిది మందిలో ఏడుగురు దొంతరలో మొదటి పది పేపర్లవాళ్ళే. సరిగ్గా రాయనివాళ్ళంతా ఏరి పెట్టినట్టు పైనే ఎలా ఉంటారు? మొదట్లో తను ఒకలా దిద్దింది, అలిసిపోయాక ఇంకోలా దిద్దింది.

మొదటి పేపర్ మళ్ళీ తీసింది. కిరణ్‌ది. 7½.

‘వెళ్ళాను’ అని రాయాల్సిన ప్రతిచోటా ‘వెల్లాను’ అని రాశాడు. తొమ్మిది చోట్ల. తొమ్మిది సున్నాలు చుట్టి, ఒక్కోదానికి అరమార్కు చొప్పున కోసేసింది. ఇరవయ్యో పేపర్‌లో అదే తప్పు ఆరుసార్లు వస్తే ఒక్కసారే తగ్గించింది.

ఈసారి పెన్ను పక్కన పెట్టి చదివింది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ తనని గుర్తుపట్టలేదని రాశాడు. ‘నేను గది లోపలికి వెల్లాను. అమ్మమ్మ నన్ను చూసి, ఎవరబ్బాయివి బాబూ అంది. నేను బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెల్లాను.’

మళ్ళీ లోపలికి. ఆ మాట మీద కూడా ఎర్ర సున్నా ఉంది.

ఒక్క తప్పుకి ఒక్కసారే అనుకుని 4 మార్కులు కలిపింది. 11½. ఆ లెక్కనే మిగతా పేపర్లన్నీ మొదటి నుంచి చూసింది. ఎనిమిది మందికి పెరిగాయి. గైడ్‌లోంచి పేరాలు పేరాలు ఎత్తి రాసిన పేపర్‌కి మాత్రం 6 అలాగే ఉంచింది. అక్కడ పెన్ను కాసేపు ఆగింది కానీ, కలపడానికి సొంత మాట అన్నది ఒక్కటీ కనపడలేదు. ‘నీకు జరిగింది రాసి తీసుకురా, మళ్ళీ దిద్దుతాను’ అని కింద రాసింది.

కిరణ్ పేపర్ చివర పెన్సిల్‌తో ‘రెండోసారి వెళ్ళాక ఏమైంది?’ అని రాసి పడుకుంది. నిద్ర పట్టడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు సాయంత్రం పేపర్లు ఇచ్చేటప్పుడు టెన్షన్‌తో వాళ్ళ మొహాలు చూడలేకపోయింది. కిరణ్ కొట్టేసిన 7½నీ, పక్కనున్న 11½నీ చూశాడు. పేజీ తిప్పి పెన్సిల్ రాత దగ్గర ఆగాడు. అందరూ వెళ్ళేదాకా ఉండి దగ్గరికొచ్చాడు.

“టీచర్, అది రాయాలంటే ఇంకో పేజీ కావాలి.”

లలిత తన నోట్‌బుక్‌లోంచి రెండు కాగితాలు చింపి ఇచ్చింది.