సీఎస్50ఎక్స్ రివ్యూ: మూడో వారం దాకా చూశాకే లెక్క వేసుకోండి

కోడింగ్ అస్సలు రానివాళ్ల కోసం హార్వర్డ్ యూనివర్సిటీ ఉచితంగా ఇస్తున్న కోర్సు ఇది. మెకానికల్, సివిల్ చదివినవాళ్లు, బీకాం వాళ్లు ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. కానీ వారానికి కనీసం పది గంటలు తీయలేకపోతే ఇప్పుడు చేరకండి.

ముందుగా వేగం గురించి చెప్పాలి, ఎక్కువమంది మానేసేది అక్కడే. సున్నా వారంలో బొమ్మల దిమ్మెలు పేర్చి ప్రోగ్రామ్ రాసే స్క్రాచ్ ఆటలా సాగిపోతుంది. ఒకటో వారంలో నేరుగా సీ భాష. `mario` లెక్కలో కుడివైపుకు ఒదిగిన పిరమిడ్ గీయాలి. వరుసకు ఎన్ని ఖాళీలు, ఎన్ని `#` గుర్తులు అన్నది కాగితం మీద రాసుకోకుండా లూప్ మొదలుపెడితే ఒక ఖాళీ ఎక్కువో తక్కువో వచ్చి, జవాబులు సరిచూసే కోర్సు ప్రోగ్రామ్ `check50` ఒప్పుకోదు. ఇంతవరకు ఎవరైనా నెట్టుకొస్తారు. అసలు ఎత్తు మూడు, నాలుగు, ఐదు వారాల్లో ఉంది: అల్గారిథమ్స్, మెమరీ, డేటా స్ట్రక్చర్స్. అప్పటిదాకా వాడిన `string` నిజానికి `char *`, అంటే మెమరీలో ఒక అక్షరం ఉన్న చిరునామా అని నాలుగో వారంలో బయటపడుతుంది, అలాంటి చిరునామాలను దాచుకునే పాయింటర్లు మొదలవుతాయి. ఈ మూడింటికీ ఒక్కోదానికి రెండు వారాలు కేటాయించుకోండి. ఆరో వారంలో పైథాన్ వచ్చేసరికి ఊపిరి తిరుగుతుంది.

నాలుగో వారంలోని `recover` లెక్క చూస్తే కోర్సు తీరు అర్థమవుతుంది. మెమరీ కార్డు ఇమేజ్ నుంచి చెరిగిపోయిన ఫొటోలు తిరిగి రాబట్టాలి. 512 బైట్ల చొప్పున చదువుతూ, మొదటి మూడు బైట్లు `0xff 0xd8 0xff` అయి, నాలుగోది `0xe0` నుంచి `0xef` మధ్య ఉంటే కొత్త ఫొటో మొదలైనట్టు. ఫైలు పేరు దగ్గర చాలామంది తడబడతారు:

```c
char filename[8];
sprintf(filename, "%03i.jpg", count);
```

`000.jpg` అంటే ఏడు అక్షరాలే కదా అని `[7]` రాస్తారు. పేరు అక్కడితో ముగిసిందని చెప్పే చివరి `\0` కి చోటుండదు. ప్రోగ్రామ్ ఒక్కోసారి నడుస్తుంది, ఒక్కోసారి పక్కనున్న విలువను చెరిపేస్తుంది. ఇలాంటి తప్పును ఓపికగా వెతికి పట్టుకోవడమే ఈ కోర్సు నేర్పే అసలు విద్య. యూట్యూబ్‌లో దొరికే జవాబు చూసి రాసేస్తే మార్కులు వస్తాయేమో గానీ ఆ విద్య రాదు, పైగా అది కోర్సు నిజాయితీ నియమాలకు విరుద్ధం.

పాఠాలు చెప్పే ప్రొఫెసర్ డేవిడ్ మేలన్ బోధన అద్భుతం. మొదటి క్లాసులోనే టెలిఫోన్ డైరెక్టరీని సగానికి తెరిచి, అక్కర్లేని సగాన్ని చింపి పడేస్తూ పేరు వెతుకుతారు. వెయ్యి పేజీలైనా పదిసార్లలో తేలిపోతుందని కళ్లతో చూశాక బైనరీ సెర్చ్‌ను మరచిపోవడం కష్టం. మాట వేగం ఎక్కువ. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు సబ్‌టైటిల్స్ పెట్టుకుని 0.75 వేగంతో చూస్తే సరిపోతుంది. లోటు ఒక్కటే: లెక్చర్‌లో చూపించే కోడ్‌కూ, ఇంటికి ఇచ్చే లెక్కకూ మధ్య దూరం చాలా ఎక్కువ. ఐదో వారంలో స్పెల్లింగ్ తప్పులు పట్టే `speller` లెక్కలో, పదాలను వేగంగా వెతికేందుకు వాడే హ్యాష్ టేబుల్ మొత్తం మీరే కట్టాలి. అందుకే లెక్చర్ అయ్యాక డగ్ లాయిడ్ చెప్పే షార్ట్స్ అనే చిన్న వీడియోలు వదలొద్దు. పాయింటర్లు, లింక్డ్ లిస్టులు అక్కడ నెమ్మదిగా, బొమ్మలతో విడమరిచి ఉంటాయి. `speller` లోని `unload` ఫంక్షన్‌లో మెమరీ విడిపించడం మరిస్తే, మెమరీ తప్పులు పట్టే `valgrind` అనే టూల్ చెబుతుంది. ఆ రిపోర్టును పైనుంచి కిందికి చదవడం అలవాటు చేసుకోండి.

ఇక ఫలితం. పూర్తి చేసినవాళ్లు ఎర్రర్ మెసేజ్ చూసి బెదరరు, ఏ కొత్త భాషనైనా డాక్యుమెంటేషన్ చదివి మొదలుపెట్టగలరు, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో పట్టికలను కలిపే జాయిన్‌లు రాయగలరు, పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్‌తో లాగిన్ ఉన్న చిన్న వెబ్‌సైట్ కట్టగలరు. ఉద్యోగం మాత్రం దీనితోనే రాదు. ప్లేస్‌మెంట్ పరీక్షల్లో అడిగే డైనమిక్ ప్రోగ్రామింగ్, గ్రాఫ్ లెక్కల సాధన ఇందులో లేదు. అది విడిగా చేయాలి. ఇంటర్వ్యూలో పనికొచ్చేది సర్టిఫికెట్ కన్నా ఫైనల్ ప్రాజెక్టు. దాన్ని మీ సొంత ఆలోచనతో, మీ ఊళ్లో ఎవరైనా నిజంగా వాడేలా చేయండి: కిరాణా కొట్టు ఖాతా పుస్తకమైనా చాలు, ప్రతి లైనూ ఎందుకు రాశారో చెప్పగలగాలి.

సర్టిఫికెట్ రెండు రకాలు. అన్ని ప్రాబ్లమ్ సెట్లూ, ఫైనల్ ప్రాజెక్టూ కనీసం 70 శాతంతో గట్టెక్కితే సీఎస్50 ఇచ్చేది ఉచితం. ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడెక్స్ ఇచ్చే వెరిఫైడ్ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టాలి. విదేశీ దరఖాస్తుకో, కంపెనీ రీయింబర్స్‌మెంట్‌కో కావాలంటే తప్ప అవసరం లేదు. గడువు ఏటా డిసెంబర్ 31, కాబట్టి జనవరిలో మొదలుపెట్టినవాళ్లకు పరీక్షల నెలలు వదిలేసినా సమయం చాలినంత మిగులుతుంది.