మూడు నుంచి ఐదు దాకా: మా కేఫ్ ఆఫర్ పోస్టులు

ఆదివారం సాయంత్రం

రేపటి నుంచి నెలాఖరు దాకా, సోమవారం నుంచి గురువారం వరకు, మధ్యాహ్నం 3 నుంచి 5 గంటల మధ్య మా కేఫ్‌లో హ్యాపీ అవర్ పెడుతున్నాం. మెనూలో ధరలు ఎప్పటిలాగే ఉంటాయి, ఆ ధరకు మీకు అందేది మాత్రం పెరుగుతుంది. ఉదయం రద్దీలో మీ కప్పు మీ చేతికిచ్చి వెంటనే తర్వాతి ఆర్డర్ అందుకోవాల్సి వస్తుంది, మూడు దాటాక అలా కాదు, కిటికీ పక్క టేబుల్ కూడా దొరుకుతుంది, కాఫీ గింజల గురించి ఏదైనా అడిగితే కాఫీ చేసే బరిస్టా నిలబడి చెప్పగలుగుతారు. ఏ రోజు ఏముందో ఆ రోజు పొద్దున్నే ఇక్కడ పెడతాం. కూపన్, యాప్ ఏమీ అక్కర్లేదు, వచ్చి కూర్చుంటే చాలు.

సోమవారం

ఈరోజు 3–5: ఏ పోర్ ఓవర్ ఆర్డర్ చేసినా, ఇంకో రకం గింజలతో చేసిన చిన్న కప్పు మా తరఫున.

పోర్ ఓవర్ అంటే ఫిల్టర్‌లో పొడి మీద వేడినీళ్లు పోసి దించే కాఫీ. 15 గ్రాముల పొడికి 240 గ్రాముల నీళ్లు, మొదట కొద్దిగా పోసి ముప్పై సెకన్లు ఆగుతాం. అప్పుడు పొడి పొంగుతుంది చూడండి, వేయించినప్పుడు గింజల్లో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతోందన్నమాట, అది పోతే తర్వాత పోసే నీళ్లు పొడిలోకి బాగా దిగుతాయి. మొత్తం మూడు నిమిషాల పని. దగ్గరుండి చూడాలనుంటే కౌంటర్ ముందున్న ఎత్తు కుర్చీల్లో కూర్చోండి. రెండు కప్పులూ పక్కపక్కన పెట్టుకుని తాగితే తేడా మీకే తెలుస్తుంది, కాస్త చల్లారాక ఇంకా బాగా తెలుస్తుంది, కాబట్టి తొందరపడొద్దు.

మంగళవారం

ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేవాళ్ల కోసం ఈరోజు.

3–5 మధ్య ఏ కాఫీ తీసుకున్నా లోపలి గదిలో పెద్ద టేబుల్ మీకే, ప్రతి సీటు దగ్గరా ప్లగ్ ఉంది, పాటలు ఆపేస్తాం. నాలుగున్నరకి అడక్కుండానే కోల్డ్ బ్రూ చిన్న గ్లాసు తెచ్చి పెడతాం, నిన్న రాత్రి నానబెట్టింది, పదహారు గంటలు చల్లటి నీళ్లలోనే ఊరింది. ఒక్క విన్నపం, ఫోన్ కాల్స్ బయట వరండాలో మాట్లాడుకోండి, పక్కన కూర్చున్నవాళ్లూ పని చేసుకోవడానికే వచ్చారు.

బుధవారం

"సగం ధరకి ఇవ్వొచ్చు కదా, అందరూ పెడుతున్నారు" అని నిన్న ఒకరు మెసేజ్ చేశారు. అడిగినందుకు థాంక్స్, సూటిగా చెప్తాం. సగం ధరకి ఇవ్వాలంటే గింజల్లోనో, పాలల్లోనో, ఇక్కడ పనిచేసేవాళ్ల జీతాల్లోనో ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి, అది మాకు ఇష్టం లేదు. పైగా పొద్దున పూర్తి డబ్బులిచ్చి తాగి వెళ్లిన మనిషికి, అదే కప్పు మధ్యాహ్నం సగానికే ఇచ్చామని తెలిస్తే ఏమనిపిస్తుంది? మూడు గంటలప్పుడు మా దగ్గర ఖాళీగా ఉండేవి కుర్చీలు, సమయం. అందుకే వాటినే ఇస్తున్నాం.

ఈరోజు అలాంటిదే: కాపుచినో ఆర్డర్ చేస్తే, కావాలంటే మీరే కౌంటర్ లోపలికి వచ్చి పాలకు నురగ తెప్పించొచ్చు. బరిస్టా పక్కనే ఉంటారు. 60–65 డిగ్రీల దగ్గర పాలు కమ్మగా, తియ్యగా ఉంటాయి, 70 దాటిస్తే ఆ రుచి పోతుంది, ఆ ఐదు డిగ్రీల తేడా చేతికి ఎలా తెలుస్తుందో నేర్పిస్తాం. మొదటి జగ్గు పాడైనా పర్వాలేదు, మీ కాపుచినో ఎలాగూ మేం చేసిస్తాం. 3:15 నుంచి 4:30 దాకా, ఒక్కొక్కరికి పది నిమిషాలు, కాబట్టి ఏడుగురికే వీలవుతుంది. రావాలనుంటే ఈ పోస్టు కింద పేరు రాయండి.

గురువారం

సాయంత్రం కాఫీ తాగితే నిద్ర పట్టదని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ భయంలో నిజం ఉంది. చాలామందికి ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, అంటే నాలుగింటికి తాగింది తొమ్మిదింటికి కూడా సగం లోపలే ఉన్నట్టు. అందుకని ఈరోజు 3–5 మధ్య ఏ కాఫీ అయినా డీకాఫ్‌లో చేసిస్తాం, దానికి మామూలుగా తీసుకునే అదనపు ఛార్జీ ఉండదు. గింజల్లోంచి కెఫీన్ నీళ్లతో తీసిన రకం ఇది. పూర్తిగా సున్నా కాదు, చాలా కొద్దిగా మిగులుతుంది, డాక్టర్ పూర్తిగా మానమని చెప్పినవాళ్లు మాకు చెప్పండి, మూలికల టీ చేసిస్తాం.

అమ్మనో నాన్ననో తీసుకురండి. మెట్లు లేని పక్క గుమ్మం తెరిచే ఉంచుతాం, ఆ పక్కనే వీపుకి ఆనిక ఉన్న కుర్చీలు వేశాం.

గురువారం, 4:10

లోపల ఇంకా నాలుగు టేబుళ్లు ఖాళీ. డీకాఫ్ గింజలు ఇరవై కప్పులకు సరిపడా ఉన్నాయి. చివరి ఆర్డర్ 4:50కి, తాగడానికి మాత్రం ఎంతసేపైనా కూర్చోండి.