స్వైపింగ్ మెషిన్‌లో నెట్ రాకపోతే: గల్లా దగ్గర అతికించే కార్డు

కడప వై.వి. స్ట్రీట్‌లోని మన బట్టల కొట్టు కోసం. మామయ్యా, ఇది గల్లా పక్కన గోడకు ఉండాలి. బిల్లు పుస్తకాల కింద పెడితే అవసరానికి దొరకదు. అత్తయ్య కూర్చున్నా, పనిచేసే కుర్రాళ్లు కూర్చున్నా ఇదే వరుసలో చూడాలి.

ముందు డబ్బు సంగతి, తర్వాతే మెషిన్ సంగతి

కార్డు పెట్టకముందే నెట్ పోయి ఉంటే చిక్కేమీ లేదు, నేరుగా తర్వాతి భాగానికి వెళ్లండి. పిన్ నొక్కాక Processing అని చూపించి ఆగిపోతేనే జాగ్రత్త కావాలి. ఎదుట ఎంతమంది నిలబడి ఉన్నా వెంటనే రెండోసారి కార్డు పెట్టకండి. ఒకే చీరకు రెండుసార్లు డబ్బు పోతే ఆ మాట వీధి చివరిదాకా వెళ్తుంది.

☐ డబ్బు పోయినట్లు మెసేజ్ వచ్చిందేమో కొనేవారిని మర్యాదగా అడగండి. మెసేజ్ వచ్చినంత మాత్రాన డబ్బు మనకు చేరినట్లు కాదు. రానంత మాత్రాన వారి ఖాతాలోంచి పోలేదనీ కాదు, ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది.

☐ నెట్ రాగానే మెనూలో Last Receipt నొక్కండి. అదే మొత్తం, అదే సమయం, కింద Approved అని ఉంటేనే అమ్మకం పూర్తయినట్లు.

☐ వారి డబ్బు పోయి, మనకు Approved రాకపోతే గొంతు పెంచకుండా ఈ మాట చెప్పండి: రిజర్వ్ బ్యాంకు 2019లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ డబ్బు దానంతట అదే వారి ఖాతాకు తిరిగి రావాలి. అది దాటితే ఆలస్యమైన ఒక్కో రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం దక్కాలి. రాకపోతే వారు అడగవలసింది తమ కార్డు ఇచ్చిన బ్యాంకును.

☐ తేదీ, సమయం, మొత్తం, మెషిన్ వెనక స్టిక్కర్ మీదున్న TID అనే మెషిన్ గుర్తింపు నంబరు ఒక చీటీ మీద రాసి వారికివ్వండి, మన దగ్గర ఒక నకలు ఉంచుకోండి. కార్డు నంబరులో చివరి నాలుగు అంకెలు చాలు. పూర్తి నంబరు, వెనకున్న మూడంకెలు ఎక్కడా రాయకూడదు. కార్డును మన దగ్గర అట్టిపెట్టుకోవడం అసలే వద్దు.

తెర మీద ఏముందో చదవండి

"నెట్ లేదు" అని మనం ఒకే మాట అంటాం కానీ మెషిన్ నాలుగు రకాలుగా చెబుతుంది.

No SIM అంటే సిమ్ కదిలింది. No Network అంటే సిమ్ ఉంది, టవర్ అందడం లేదు. సిగ్నల్ గీతలు నిండుగా ఉండి Connection Failed లేదా Timeout వస్తే నెట్ నడవడం లేదు, లేదా అవతల బ్యాంకు కంప్యూటర్ పలకడం లేదు. Declined వస్తే నెట్ బాగానే ఉంది, బ్యాంకు ఒప్పుకోలేదు. అప్పుడు మెషిన్‌ను ఆపి మళ్లీ వేయడం వృథా, వేరే కార్డు అడగండి.

కరెంటు పోయిందా?

మన కొట్టులో ఎక్కువసార్లు దొరికే దొంగ ఇదే. ఫ్యాను, లైట్లు ఇన్వర్టర్ మీద నడుస్తాయి కాబట్టి కరెంటు పోయినట్లే తెలియదు. రూటర్ ప్లగ్గు మాత్రం ఇన్వర్టర్ లైనులో లేదు. లుంగీల అర పైన చూడండి, పచ్చ దీపాలు వెలగకపోతే నెట్ అక్కడే ఆగింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్గును మార్పించేదాకా మెషిన్ సెట్టింగుల్లో Wi-Fi ఆపి సిమ్ మీద నడపండి. దీపాలన్నీ వెలుగుతున్నా నెట్ రాకపోతే రూటర్‌ను ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేయండి. అది పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, మధ్యలో మళ్లీ ఆపకండి.

సిమ్ మీద నడుపుతుంటే

☐ మెషిన్‌ను చేతిలో పట్టుకుని షట్టరు దగ్గరికి, వీధి వైపు రండి. లోపలి గదిలో ఇనుప అరలు, వాటి నిండా బట్టల మూటలు, అక్కడ సిగ్నల్ రెండు గీతలు దాటదు.

☐ పూర్తిగా ఆపి, మళ్లీ వేయండి. తెరను మాత్రం ఆర్పడం లెక్కలోకి రాదు, Power Off అని వచ్చేదాకా బొత్తాం నొక్కి ఉంచాలి.

☐ తెర పైన తేదీ, సమయం చూడండి. బ్యాటరీ మొత్తం అయిపోయాక ఛార్జింగ్ పెడితే పాత తేదీ చూపవచ్చు. తేదీ తప్పైతే బ్యాంకుతో సంబంధం కుదరదు.

☐ No SIM అంటేనే వెనక మూత తీయండి. ముందు మెషిన్ ఆపి, బ్యాటరీ తీసి, సిమ్‌ను పొడి గుడ్డతో తుడిచి, మూల కోసినవైపు సరిచూసి పెట్టండి. మన సొంత ఫోను సిమ్ అందులో వేయవద్దు, ఆ సిమ్ కంపెనీ ఇచ్చినది, దాని అమరిక వేరు.

☐ ఏదీ కుదరకపోతే ఫోనులో హాట్‌స్పాట్ వేసి మెషిన్‌ను Wi-Fi ద్వారా కలపండి. హాట్‌స్పాట్ పేరు మెషిన్‌లో కనబడకపోతే ఫోను సెట్టింగుల్లో 2.4 GHz ఎంచుకోండి. చాలా మెషిన్లు 5 GHz పట్టుకోలేవు. పాస్‌వర్డు ఇక్కడ రాయను, ఈ గోడ అందరూ చదివేదే. అత్తయ్యకు తెలుసు.

ఉగాది నాడు దేవుని కడపకు, ఉరుసు రోజుల్లో పెద్ద దర్గాకు జనం పోటెత్తినప్పుడు టవర్ మీద భారం పడి అందరి ఫోన్లూ నెమ్మదిస్తాయి. పక్క కొట్టులోనూ అదే పరిస్థితి అయితే మెషిన్‌తో కుస్తీ పట్టకండి, కాసేపు ఆగండి.

ఈలోగా బేరం పోకుండా

క్యూఆర్ అట్ట ముందుకు జరపండి. అది కొనేవారి ఫోను నెట్ మీద నడుస్తుంది. అయితే సౌండ్ బాక్స్‌కూ సొంత సిమ్ ఉంటుంది, అదీ మూగబోవచ్చు. పెట్టె పలకకపోతే మన ఫోను యాప్‌లో డబ్బు పడిందో లేదో చూసుకోండి. వారు చూపే స్క్రీన్‌షాట్ ఆధారం కాదు, ఎంత తెలిసినవారైనా సరే.

చేయకూడనివి

మరలు విప్పకండి. మెషిన్‌ను విప్పినట్లు తెలిస్తే లోపలి రహస్య తాళాలు వాటంతటవే చెరిగిపోతాయి, కంపెనీకి పంపాల్సిందే. కిటికీ ఎండలో పెట్టకండి. వేసవిలో బ్యాటరీ ఉబ్బి మూత పైకి లేచినట్లుంటే ఛార్జింగ్ పెట్టకుండా పక్కన ఉంచండి. Clear Batch అనే మాట కనబడితే దాని జోలికి వెళ్లకండి, ఆ రోజు లెక్కలు పోతాయి.

అరగంటైనా రాకపోతే

మెషిన్ వెనక స్టిక్కర్ మీదున్న నంబరుకే ఫోను చేయండి, గూగుల్‌లో వెతికిన నంబరుకు కాదు. TID, తెర మీద కనబడిన మాట ఉన్నదున్నట్లు చదివి చెప్పండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. సిమ్ పథకం గడువు తీరిందేమో కూడా వారినే అడగాలి, అది మన చేతిలో లేదు.

మనం పిలవకుండానే ఎవరైనా ఫోను చేసి "మెషిన్ బాగు చేస్తాం, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అంటే పెట్టేయండి. మెషిన్ మార్చడానికి వచ్చామని ఎవరైనా గుమ్మంలో నిలబడితే, స్టిక్కర్ నంబరుకు ఫోను చేసి నిజమని తేలాకే చేతికివ్వండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

నెట్ తిరిగి వచ్చాక

☐ ఆగిపోయిన లావాదేవీని ముందు Last Receiptలో చూడండి, తర్వాతే కొత్త బిల్లు.

☐ రాత్రి షట్టరు దించే ముందు Settlement నొక్కి, వచ్చిన చీటీలోని మొత్తాన్ని బిల్లు పుస్తకంతో సరిపోల్చండి. తేడా ఉంటే రెండు చీటీలనూ పిన్ను కొట్టి గల్లాలో ఉంచండి, ఆదివారం వచ్చినప్పుడు చూస్తాను.