సార్, ఈసారి అడిగి రాస్తున్నా: రెఫరెన్స్‌గా మీ పేరు ఇవ్వచ్చా?

నమస్తే సార్,

నేను లక్ష్మీదేవిని, అనంతపురం ఆఫీసులో మీ కింద సర్వీస్ డెస్క్ చూసినదాన్ని. అమ్మగారి ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది? ప్రొద్దుటూరుకు మారాక మీకు కాస్త ఊపిరి ఆడుతోందని మన స్టోర్ అన్న చెప్తే సంతోషం అనిపించింది.

విషయానికి వస్తా సార్. డ్రిప్ కంపెనీ ఒకటి మన జిల్లాల్లో సర్వీస్ కోఆర్డినేటర్ కోసం చూస్తోంది, నేను అప్లై చేశా, రెండు ఇంటర్వ్యూలు అయిపోయాయి. ఇప్పుడు రెఫరెన్స్ ఫారం పంపారు. ఇద్దరి పేర్లు కావాలి, అందులో ఒకరు నేను నేరుగా రిపోర్ట్ చేసిన మేనేజర్ అయి ఉండాలంట. అలాంటి మేనేజర్ అంటే నాకు మీరే. మీ పేరు, ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ అందులో రాయడానికి ఒప్పుకుంటారా అని అడగడానికే ఈ మెయిల్.

ఫోన్ చేసి అడగొచ్చు, కానీ ఫోన్‌లో అడిగితే మీరు మొహమాటానికి సరే అనేస్తారు. చదువుకుని, ఆలోచించుకుని చెప్పండి సార్. ఇంకో కారణం కూడా ఉంది. 2023లో ఒక ఉద్యోగానికి మిమ్మల్ని అడక్కుండానే మీ నంబరు ఇచ్చేశాను. వాళ్లు ఫోన్ చేసిన రోజు మీరు కడపలో ఆసుపత్రి వరండాలో ఉన్నారంట, లోపల అమ్మగారికి స్కానింగ్ జరుగుతా ఉంటే మీరు బయట నిలబడి పావుగంట నా గురించి చెప్పారంట. నేను ఎందుకు మానేశానని వాళ్లు అడిగితే మీకు పూర్తిగా తెలియక ఇబ్బంది పడ్డారని కూడా తర్వాత తెలిసింది. ఆ సంగతి మీరు నాతో ఒక్కసారి కూడా అనలేదు. నేను ఇన్నాళ్లూ క్షమాపణ కూడా చెప్పలేదు, ఈ రోజు చెప్తున్నా. తప్పు చేశాను సార్. అందుకే ఈసారి ముందే అడుగుతున్నా, వాళ్లు ఏం అడుగుతారో, నావైపు నుంచి ఏం జరిగిందో అన్నీ కింద రాస్తున్నా. కొంచెం పొడవైంది, ఓపిగ్గా చదవండి.

ఉద్యోగం ఇది: ఆఫీసు అనంతపురంలోనే, కానీ అనంతపురం, శ్రీ సత్యసాయి, కర్నూలు, నంద్యాల, కడప ఐదు జిల్లాల కంప్లయింట్లు చూడాలి. కింద 11 మంది టెక్నీషియన్లు ఉంటారు. రైతు ఫోన్ చేసిన దగ్గర్నుంచి సామాను పంపడం, మనిషిని పంపడం, పని అయిందో లేదో రైతునే అడిగి కంప్లయింటు మూసేయడం వరకు బాధ్యత నాదే. మన దగ్గర చేసిన పనే, కాకపోతే అప్పుడు నలుగురు టెక్నీషియన్లు, ఒక్క జిల్లా. ఇంటర్వ్యూలో వాళ్లకు ఉన్న అనుమానం కూడా అదే అని నాకు అర్థమైంది: ఈ అమ్మాయి ఇంత మందిని నడపగలదా, రైతు కోపంగా అరిచినప్పుడు తట్టుకోగలదా అని. మీరు చెప్పగలిగితే ఈ రెండింటి గురించే చెప్పండి, మిగతావి నా రెజ్యూమెలో ఎలాగూ ఉన్నాయి.

తేదీలు మీకు గుర్తుండవు కాబట్టి రాస్తున్నా. నేను చేరింది 2019 జూన్ 3న, మానేసింది 2022 సెప్టెంబర్ 16న. మొదటి ఆరు నెలలు కాంట్రాక్టర్ రోల్స్‌లో ట్రైనీగా ఉన్నా, కంపెనీ రోల్స్‌లోకి వచ్చింది 2019 డిసెంబర్‌లో. హెచ్‌ఆర్ రికార్డులో డిసెంబర్ నుంచే కనిపిస్తుంది, రెజ్యూమెలో నేను జూన్ నుంచి రాశాను. ఇక్కడే తేడా వచ్చి అబద్ధం రాశానని అనుకుంటారేమోనని నా టెన్షన్. ట్రైనీ నెలలు కూడా మీ కిందే చేశానని మీరు ఒక్క మాట చెప్తే చాలు. జీతం అడిగితే మీరు చెప్పాల్సిన పని లేదు, పేస్లిప్పులు నేనే ఇచ్చేశాను.

ఎందుకు మానేశానంటే, అప్పటికి నాకు ఎనిమిదో నెల దాటింది. అక్టోబర్‌లో పాప పుట్టింది. లీవు అయ్యాక తిరిగి వస్తానని అనుకున్నా, మీరు కూడా సీటు ఉంచుతానన్నారు, కానీ మా అత్తకు మోకాలి ఆపరేషన్ అయ్యేసరికి పుట్టబోయే బిడ్డను చూసుకునేవాళ్లు ఎవరూ లేకపోయారు. అది మీకు అప్పుడు సరిగా చెప్పకుండా రాజీనామా మెయిల్ పెట్టేశాను. ఇప్పుడు పాపకు మూడేళ్లు, అత్త లేచి తిరుగుతోంది, ఇంట్లో ఇబ్బంది లేదు. 2023 డిసెంబర్ నుంచి ఊళ్లోనే ఒక ఎరువుల డీలర్ ఆఫీసులో బిల్లింగ్ చూస్తున్నా. ఇక్కడ ఇంకా చెప్పలేదు సార్, దయచేసి మన పాత వాళ్లెవరితోనూ ఈ మాట అనకండి. అనంతపురం చిన్న ఊరు, సాయంత్రానికల్లా మా ఓనర్ చెవిన పడుతుంది.

నా పని గురించి మీకు గుర్తు చేయడానికి మూడు సంగతులు రాస్తా, మీ కళ్లముందు జరిగినవే.

ఒకటి, ఎర్ర అట్ట రిజిస్టరు. నేను చేరినప్పుడు కంప్లయింట్లు చీటీల మీద, టెక్నీషియన్ల వాట్సాప్‌లలో ఉండేవి, ఒక్కో కంప్లయింటు మూయడానికి సగటున తొమ్మిది రోజులు పట్టేది. అన్నీ ఆ రిజిస్టరులో రాయడం మొదలుపెట్టాక, 2021 చివరికి నాలుగు రోజులకు వచ్చింది. ఈ లెక్క నేను రిజిస్టరు చూసి రాసుకుని మీకు మెయిల్ పెట్టిందే, ఆ మెయిల్ కూడా జత చేస్తున్నా, మీరే సరిచూసుకోండి.

రెండోది 2020 లాక్‌డౌన్. మార్చి 25 నుంచి మనుషుల్ని పంపలేని పరిస్థితి, ఎండాకాలం, చీనీ చెట్లు కాయ మీద ఉన్నాయి, గార్లదిన్నె, శింగనమల, నార్పల నుంచి ఫోన్ మీద ఫోన్. అప్పుడు రైతుల చేత ఫిల్టర్‌కు అటూ ఇటూ ఉన్న రెండు ప్రెషర్ గేజీల ఫోటోలు పంపించుకున్నాం కదా. రెండింటి మధ్య అరకేజీ కన్నా ఎక్కువ తేడా ఉంటే మూత విప్పించి బకెట్‌లో కడిగించడం, తేడా లేకపోతే లైను చివరి మూతలు తీయించి నీళ్లు వదిలించడం, ఇదంతా ఫోన్‌లోనే. ఒక అవ్వ బోరు దగ్గర నిలబడి నేను చెప్పినట్టే మూత విప్పింది. లోపల తెల్లగా సున్నం గట్టిపడి ఉంటే, ఇది నీళ్లదా మందుదా అని నన్ను అడిగింది. మన బోరు నీళ్ల ఉప్పు అవ్వా అన్నా. ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన 140 కాల్స్‌లో 90 దాకా ఇలాగే సర్దాం. యాసిడ్ ట్రీట్‌మెంట్ మాత్రం ఫోన్‌లో ఎవరి చేతా చేయించనని నేను పట్టుబట్టాను, మీరు నన్ను సమర్థించారు. హెడ్డాఫీసు నుంచి ఒత్తిడి వచ్చినా మీరు ఒప్పుకోలేదు. అది నేను మరిచిపోలేదు.

మూడోది నా తప్పు. నాలో లోపం ఏంటని కూడా మిమ్మల్ని అడుగుతారు, అందరి గురించీ అలాగే అడుగుతామని ఇంటర్వ్యూలో వాళ్లు నాతోనే అన్నారు. నార్పల దగ్గర నాలుగెకరాల చీనీ తోటకు ప్రెషర్ చూడకుండానే పని పూర్తయినట్టు రిపోర్టు మీద నేను సంతకం పెట్టాను. చివరి వరసలకు నీళ్లు అందలేదు. పెద్దాయన ఆఫీసుకు వచ్చి నా టేబుల్ ముందు నిలబడి గట్టిగా అరిచాడు, న్యాయంగానే అరిచాడు. మీరు నన్ను తిట్టలేదు, రేపు పొద్దున నువ్వే పో అన్నారు. వెళ్లి డ్రిప్పర్ కింద గిన్నె పెట్టి ఫోన్‌లో టైం చూస్తే, గంటకు 8 లీటర్ల డ్రిప్పర్ ఆరు నిమిషాలకు 800 మిల్లీలీటర్లు ఇవ్వాలి కదా, చివరి చెట్టు దగ్గర 350 కూడా రాలేదు. లేటరల్ మరీ పొడవుగా వేసేశారు. సబ్‌మెయిన్‌ను తోట మధ్యకు జరిపి రెండువైపులకు లేటరల్స్ తిప్పించాం. రైతు దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ తర్వాత మొదటి చెట్టు, చివరి చెట్టు రెండింటి దగ్గరా గిన్నె పెట్టి కొలవకుండా ఏ రిపోర్టు మీదా నేను సంతకం పెట్టలేదు, టెక్నీషియన్ల చేత కూడా అదే చేయించా. ఇది మీరు దాచాల్సిన పని లేదు సార్, అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి. ఇంటర్వ్యూలో నేనే ముందు చెప్పేశా.

పొగడమని నేను అడగడం లేదు. మీకు గుర్తున్నది, మీరు నమ్మేది చెప్తే చాలు. మళ్లీ పనిలోకి తీసుకుంటారా అని కూడా అడుగుతారంట. దానికి మీ జవాబు కాదు అయితే అది ఇప్పుడే నాకు చెప్పండి, నేను ఇంకొకరి పేరు ఇస్తా, మీమీద నా గౌరవం ఏమీ తగ్గదు. కారణం చెప్పక్కర్లేదు, వద్దమ్మా అని ఒక్క మాట పంపినా చాలు.

సరే అంటే మాత్రం మీ నుంచి కొన్ని కావాలి. ఏ నంబరు ఇవ్వమంటారు, పాతదేనా? మెయిల్ ఏది? ఏ టైంలో ఫోన్ చేస్తే మీకు వీలు? ఆ టైమే ఫారంలో రాస్తా. మీ హోదా దగ్గర "అప్పటి ఏరియా మేనేజర్" అని రాయాలనుకుంటున్నా, మీరిప్పుడు ఆ కంపెనీలో లేరని కూడా రాస్తా, అలా కాకుండా ఇంకోలా రాయాలంటే చెప్పండి. ఫారం ఈ నెల 20వ తేదీ గురువారం సాయంత్రం లోపు పంపాలి, కాబట్టి మంగళవారం లోపు మీ మాట తెలిస్తే నాకు కుదురుతుంది. ఫోన్ 21 నుంచి 28 లోపు ఎప్పుడైనా రావచ్చు, బెంగళూరు నంబరు నుంచి. పది పదిహేను నిమిషాలు మాట్లాడతారంట. హెచ్‌ఆర్ ఆవిడ ఇంగ్లీషులో అడుగుతుంది కానీ ఆమెకు తెలుగు బాగా వచ్చు, మీరు తెలుగులోనే చెప్పొచ్చు. ఆ రోజు ఇంట్లో ఏదైనా అత్యవసరం ఉంటే ఫోన్ ఎత్తకండి సార్, నాకు ఒక మెసేజ్ పెడితే నేను వాళ్లతో మాట్లాడి ఇంకో రోజుకు మారుస్తా. మీ నంబరు ఈ ఒక్క ఉద్యోగానికే వాడతా. ఇంకోదానికి కావాలంటే మళ్లీ అడుగుతా.

రెజ్యూమె, ఉద్యోగం నోటీసు, 2021లో మీకు పెట్టిన ఆ లెక్కల మెయిల్ మూడూ జత చేశాను. కంపెనీ పేరు, మిగతా వివరాలు నోటీసులో ఉన్నాయి.

ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ కబురు మీకు నేనే ఫోన్ చేసి చెప్తా. మేడంకు, అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీ
లక్ష్మీదేవి
అనంతపురం, 14 నవంబర్ 2025