హిమవంతుడి ఇంటి ఆడపిల్ల: తొమ్మిది రాత్రుల కథలు

ఈ దసరా నవరాత్రుల్లో మన కాలనీ మండపంలో రోజూ సాయంత్రం హారతికి ముందు ఒక కథ చదువుకుందాం. రంగు వారాన్ని బట్టి, కథ అమ్మవారిని బట్టి. వారాలు మళ్లీ మొదలయ్యే చివరి రెండు రోజులకు మాత్రం గులాబీ, ఊదా. ఈసారి పాడ్యమి గురువారం పడింది. ఆ రంగు చీర లేదని ఎవరూ కొత్తది కొనక్కర్లేదు, జాకెట్టో పువ్వో చాలు.

పాడ్యమి, గురువారం. శైలపుత్రి. పసుపు.
కిందటి జన్మలో ఈమె సతీదేవి. పిలవకపోయినా పుట్టింటి యజ్ఞానికి వెళ్లింది. నిండు సభలో తండ్రి దక్షుడు అల్లుణ్ణి తూలనాడితే, ఆయన ఇచ్చిన దేహమే వద్దనుకుని యోగాగ్నిలో దహించుకుంది. మళ్లీ హిమవంతుడికీ మేనాదేవికీ కూతురై పుట్టింది. వాహనం ఎద్దు. ఒక చేత త్రిశూలం, ఇంకో చేత తామర.

విదియ, శుక్రవారం. బ్రహ్మచారిణి. ఆకుపచ్చ.
శివుణ్ణే చేసుకుంటానని తపస్సుకు కూర్చుంది. పండ్లు మానింది, రాలిన ఆకులతో బతికింది, చివరికి ఆకులూ మానేసి అపర్ణ అనిపించుకుంది. ఒకనాడు ఓ కుర్ర బ్రహ్మచారి వచ్చాడు. "ఇంత చక్కని పిల్లవి, ఆ శ్మశానవాసి కోసమా? ఒంటినిండా బూడిద, మెడలో పాములు, అమ్మానాన్నలెవరో తెలియదు" అని ఏకరువు పెట్టాడు. ఆమె ఎంత చెప్పినా ఆపలేదు. "మహాత్ముల్ని నిందించేవాడికే కాదు, వినేవాళ్లకీ పాపమే" అంటూ లేచి వెళ్లబోయింది. ఎత్తిన అడుగు ఇంకా దించలేదు, కుర్రాడి చోట శివుడు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. తొమ్మిదింటిలో నాకు బాగా ఇష్టమైన కథ ఇదే. పెళ్లికొడుకే వచ్చి తన మీద తానే చాడీలు చెప్పుకున్న సంబంధం ఇంకోటి లేదు.

తదియ, శనివారం. చంద్రఘంట. బూడిద రంగు.
ఆ చాడీలన్నీ నిజమేనని పెళ్లిరోజున తేలింది. భూతగణాలతో, పాములతో వరుడు విడిదికి వస్తే మేనాదేవి మూర్ఛపోయింది. అప్పుడు అమ్మవారు నుదుట గంటలాంటి అర్ధచంద్రంతో పది చేతుల రూపు ధరించి, "మా అమ్మ కోసం కాస్త చక్కగా రండి" అని శివుణ్ణి ఒప్పించిందని చెబుతారు. ఈరోజు బూడిద రంగు కూడా అల్లుడి పక్షమే!

చవితి, ఆదివారం. కూష్మాండ. నారింజ.
ఈరోజు కథ పెళ్లింటి నుంచి సృష్టి మొదటికి పోతుంది. అంతా చీకటి. అమ్మ చిన్నగా నవ్వింది, ఆ నవ్వులోంచి బ్రహ్మాండం పుట్టింది. కథ అంతే. ఈమె ఉండేది సూర్యమండలంలో, అందుకే ఆదివారపు రంగు ఈమెకు అతికినట్టుంది.

పంచమి, సోమవారం. స్కందమాత. తెలుపు.
శివుడి కొడుకు చేతిలో తప్ప చావులేని వరం తారకాసురుడిది. శివుడు తపస్సులో ఉంటే కొడుకెక్కడి నుంచి వస్తాడని వాడి ధీమా. ఆ శివుడికే పుట్టిన బిడ్డను ఆరుగురు కృత్తికలు పాలిచ్చి పెంచారు. దేవసేనకు అధిపతి అయినా స్కందుడు ఇక్కడ అమ్మ ఒళ్లో పసివాడే.

షష్ఠి, మంగళవారం. కాత్యాయని. ఎరుపు.
మహిషాసురుడి మీద దేవతలకు పుట్టిన కోపమంతా తేజస్సుగా మారి, కాత్యాయన మహర్షి ఆశ్రమంలో ఆడపిల్ల అయింది. ఇంత ఉగ్రమూర్తినే గోపికలు యమునాతీరాన ఇసుక బొమ్మగా చేసి, కృష్ణుడు మొగుడు కావాలని మొక్కుకున్నారు. పెళ్లికాని పిల్లలున్న ఇళ్లవాళ్లు ఈరోజు ముందు వరసలో కూర్చుంటారని నాకు తెలుసు.

సప్తమి, బుధవారం. కాళరాత్రి. ముదురు నీలం.
రక్తబీజుడి నెత్తురు చుక్క నేలపడితే ఇంకో రక్తబీజుడు లేస్తాడు. కొట్టేకొద్దీ శత్రువులు పెరిగారు. కాళి నోరు తెరిచి ఒక్క చుక్కనూ నేలకు జారనివ్వలేదు. చూడటానికి భయంకరం, వాహనం గాడిద, పేరు మాత్రం శుభంకరి. ఈరోజే మూలా నక్షత్రం కూడా. అక్షరాభ్యాసం చేయించుకునే పిల్లలకు పలకలు మండపంలోనే ఇస్తాం. కథ వినిపించాలా వద్దా అన్నది తల్లుల ఇష్టం.

అష్టమి, గురువారం. మహాగౌరి. గులాబీ.
తపస్సులో నల్లబడిన దేహాన్ని శివుడు గంగతో కడిగితే తెల్లని మెరుపు వచ్చిందంటారు. రంగు గురించిన మాట కన్నా ఇంకో కథ నాకు నచ్చుతుంది. ఆకలిగొన్న సింహం ఒకటి ఆమెను తిందామని వచ్చి, తపస్సు అయ్యేదాకా చూద్దామని పక్కనే కూర్చుండిపోయింది. ఆమె కళ్లు తెరిచేసరికి బక్కచిక్కి ఉంది. "నాతోపాటు నువ్వూ తపస్సు చేశావు" అని దాన్నే వాహనం చేసుకుంది.

నవమి, శుక్రవారం. సిద్ధిదాత్రి. ఊదా.
అణిమ, మహిమ మొదలైన ఎనిమిది సిద్ధులను శివుడు ఈమె దగ్గరే పొందాడు, సగం దేహం ఆమెదై అర్ధనారీశ్వరుడయ్యాడు. దక్షుడి ఇంట అవమానపడ్డ అల్లుడిలో ఆ ఇంటి కూతురే సగమైంది. ఆయుధపూజ ఉదయమే. బండి తాళాలు, కుట్టుమిషన్ కత్తెరలు, పిల్లల పెన్నులు ఏవైనా తెచ్చి పెట్టండి. రేపు దశమి సాయంత్రం అందరం జమ్మిచెట్టు దగ్గరికి వెళ్తున్నాం. "శమీ శమయతే పాపం" శ్లోకం, ఇంట్లోవాళ్ల పేర్లు కాగితం మీద రాసి తెచ్చుకోండి.